ట్యాక్స్ ప్లానింగ్, పన్ను తప్పించుకోవడం, పన్ను ఎగవేత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పే సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమల్లోకి వచ్చి నంబర్లు మారాయి. పాత సంవత్సరాల వివాదాలు మాత్రం పాత నంబర్లతోనే నడుస్తాయి. కోర్టు తీర్పులన్నీ కూడా వాటినే ప్రస్తావిస్తాయి.

ఎగవేతకూ, తప్పించుకోవడానికీ అసలు తేడా ఏమిటి? మాటల్లో రెండూ ఒకటే అనిపిస్తాయి కదా?

వాడుకలో రెండింటినీ 'పన్ను ఎగ్గొట్టడం' అనేస్తాం. గందరగోళంలో సగం అక్కడే మొదలవుతుంది. ఒక స్థలం అమ్మకంతో మొదలుపెడదాం.

గుంటూరు పక్కన ఒక ఇంటి స్థలం కోటీ ఇరవై లక్షలకు బేరమైంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దాని మార్కెట్ విలువ 70 లక్షలు. దస్తావేజులో 70 లక్షలే రాసి, మిగతా 50 లక్షలు సంచిలో తీసుకుంటే అది ఎగవేత. జరిగిన విషయాన్నే దాచారు. దస్తావేజు చెప్పేది ఒకటి, జరిగింది ఇంకొకటి.

అదే మనిషి కోటీ ఇరవై లక్షలూ బ్యాంకులో తీసుకుని, సెక్షన్ 54ఎఫ్ షరతుల ప్రకారం రెండేళ్లలోపు ఇల్లు కొనో, మూడేళ్లలోపు కట్టుకునో క్యాపిటల్ గెయిన్స్ మినహాయింపు పొందితే అది ప్లానింగ్. ఇల్లు కట్టుకుంటే పన్ను వదిలేస్తామని చట్టమే చెప్పింది, ఆయన కట్టుకున్నాడు.

ఈ రెంటికీ మధ్యన ఉండేదే చిక్కు. ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే కదిలింది, కాగితాలన్నీ సక్రమం, రిటర్నులో అంతా చూపించారు. కానీ ఆ లావాదేవీలోంచి పన్ను ఆదా తీసేస్తే దాన్ని చేయడానికి ఇంకే కారణమూ మిగలదు. ఇంగ్లిషులో 'అవాయిడెన్స్' అనేది దీన్నే. ఎగవేత కేసులో 'నిజం దాచారా?' అన్నదే గొడవ. ఇక్కడ నిజాన్ని ఎవరూ దాచరు. ఆ నిజానికి చట్టం ఏ విలువ ఇవ్వాలన్న దగ్గర గొడవ వస్తుంది.

శిక్షలో కూడా తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. ఆదాయాన్ని తక్కువ చూపినట్టు తేలితే సెక్షన్ 270ఎ కింద ఆ మేరకు పన్నులో 50 శాతం జరిమానా పడుతుంది. వాస్తవాలు దాచినా, దొంగ బిల్లులు పెట్టినా అది 'తప్పుడు నివేదన' అవుతుంది, జరిమానా 200 శాతానికి ఎగబాకుతుంది. ఉద్దేశపూర్వక ఎగవేతకు ప్రయత్నించారంటే సెక్షన్ 276సి కింద ప్రాసిక్యూషన్ కూడా ఉంది. 1961 చట్టం ప్రకారం ఆ మొత్తం 25 లక్షలు దాటితే ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు.

పై ఉదాహరణలో సంచిలో 50 లక్షలు తీసుకున్న అమ్మకందారుకి మరో దెబ్బ ఉంది. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా కట్టాలి. అంటే పన్ను సంగతి అలా ఉంచినా, 50 లక్షలకు 50 లక్షలు పోతాయి.

పన్ను ఆదా కోసమే అల్లిన కృత్రిమ ఏర్పాటు కేసులో సాధారణంగా జరిగేది వేరు. ఆ ఏర్పాటు లేనట్టే లెక్కవేసి, పన్నూ వడ్డీ వసూలు చేస్తారు. జరిమానా ఆటోమేటిక్ కాదు, కేసు వాస్తవాలను బట్టి విడిగా తేలుస్తారు. అయితే ఏర్పాటులో ఒక్క పాత తేదీ కాగితమో, ఒక్క దొంగ ఇన్వాయిసో బయటపడిందంటే కేసు ఎగవేత వైపు జారిపోతుంది.

పన్ను తగ్గేలా వ్యవహారాలు చక్కబెట్టుకోవడం ప్రతివారి హక్కు అంటారు. అది ఎక్కడి మాట?

ఇంగ్లండులో డ్యూక్ ఆఫ్ వెస్ట్‌మినిస్టర్ కేసు, 1935 నాటిది. ఆ జమీందారు తన తోటమాలికి ఇచ్చే జీతంలో కొంత భాగాన్ని వార్షిక చెల్లింపు కింద ఒప్పంద పత్రంగా రాసిచ్చాడు. జీతమైతే ఆయన పన్నులో తగ్గదు, వార్షిక చెల్లింపు తగ్గుతుంది. తోటమాలి పని తోటమాలి చేసుకుంటూనే ఉన్నాడు. అయినా పత్రం నిజమైనది కాబట్టి దాని రూపాన్నే చూడాలని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టుగా ఉన్న ప్రభువుల సభ అంది. మన దేశంలోనూ చాలాకాలం వకీళ్లు ఈ కేసునే పట్టుకుని వాదించారు.

మెక్‌డొవెల్ కేసు పేరు ప్రతి నోటీసులోనూ కనిపిస్తుంది. అందులో ఏం జరిగింది?

అది ఆంధ్రప్రదేశ్ సేల్స్ టాక్స్ కేసు. మద్యం తయారుచేసే కంపెనీ సరుకు బయటికి పంపాలంటే ముందు ఎక్సైజ్ డ్యూటీ కట్టాలి. మామూలుగా అయితే తయారీదారు డ్యూటీ కట్టి, దాన్ని ధరలో కలిపి బిల్లు వేస్తాడు, ఆ మొత్తం మీద సేల్స్ టాక్స్ పడుతుంది. ఇక్కడ కొనుగోలుదారులే డ్యూటీని నేరుగా ఖజానాకు కట్టి, డిస్టిలరీ పాసు తెచ్చుకుని సరుకు తీసుకెళ్లేవారు. కంపెనీ బిల్లులో డ్యూటీ ఊసే ఉండదు.

లాభం ఎక్కడో లెక్కలో చూడండి. అర్థం కావడానికి వేసుకున్న అంకెలివి: సరుకు ధర 100, డ్యూటీ 300. డ్యూటీ బిల్లులో ఉంటే సేల్స్ టాక్స్ 400 మీద. కొనుగోలుదారు బయట కట్టేస్తే 100 మీదే. ఖజానాకు డ్యూటీ పూర్తిగా వచ్చింది, సరుకు అదే, కొన్నవాడు పెట్టిన మొత్తమూ అదే. సేల్స్ టాక్స్ మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది.

మొదటి విడత కంపెనీయే గెలిచింది. తర్వాత ఎక్సైజ్ నిబంధనలను సవరించారు, మళ్లీ నోటీసులు వచ్చాయి, కేసు సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి చేరింది. 1985 ఏప్రిల్ 17న వచ్చిన తీర్పులో కోర్టు అడిగింది సూటి ప్రశ్న: డ్యూటీ బాధ్యత చట్టప్రకారం ఎవరిది? తయారీదారుది. మరి దాన్ని కొనుగోలుదారు కట్టాడంటే తయారీదారు తరఫునే కట్టినట్టు. అంటే అది కూడా సరుకు కోసం ఇచ్చిన ప్రతిఫలంలో భాగమే, టర్నోవర్లో కలపాల్సిందే.

ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ రంగనాథ్ మిశ్రా, చట్టం చట్రంలో ఉన్నంతవరకు ప్లానింగ్ సమ్మతమేనని, పైకి రంగు పూసిన ఎత్తుగడలు మాత్రం ప్లానింగ్‌లోకి రావని అన్నారు. మన తెలుగువారైన జస్టిస్ చిన్నప్ప రెడ్డి విడిగా రాసిన ఏకీభావ తీర్పులో ఇంకా ముందుకెళ్లారు. వెస్ట్‌మినిస్టర్ సూత్రాన్ని పుట్టిన దేశమే వదిలించుకుందని, మనమూ వదిలేయాల్సిన సమయం వచ్చిందని అన్నారు. నోటీసుల్లో ఎక్కువగా ఎత్తిరాసేది ఈ రెండో భాగాన్నే. కేసు తేలింది మాత్రం డ్యూటీ ఎవరి బాధ్యత అన్న చిన్న ప్రశ్న మీద. ఆ సంగతి నోటీసులో ఉండదు.

అంటే 1985 తర్వాత పన్ను తగ్గించుకునే ప్రతి ఏర్పాటూ చెల్లదా?

కాదు. మారిషస్‌తో మన దేశానికున్న పన్ను ఒప్పందం మీద వచ్చిన ఆజాదీ బచావో ఆందోళన్ కేసులో (2003) సుప్రీంకోర్టు ఆ అర్థాన్ని ఒప్పుకోలేదు. చట్టబద్ధమైన లావాదేవీ వెనక పన్ను తగ్గించుకునే ఉద్దేశం ఉన్నంత మాత్రాన అది చెల్లకుండా పోదంది. వొడాఫోన్ కేసులో (2012 జనవరి 20) ముగ్గురు న్యాయమూర్తులు రెండు పాత తీర్పుల మధ్యా వైరుధ్యం లేదని తేల్చి, ఒక పద్ధతి చెప్పారు. లావాదేవీని ముక్కలు చేసి ఏదో ఒక ముక్కలోంచి తొంగిచూడకూడదు, మొత్తాన్ని ఒక్కటిగా చూడాలి. అలా చూసేటప్పుడు ఆ కంపెనీ ఎన్నాళ్లుగా ఉంది, ఇక్కడ వ్యాపారం చేసిందా, పన్ను కట్టిందా, బయటికెళ్లిన సమయం ఏమిటి, వెళ్లాక వ్యాపారం కొనసాగిందా అన్నవి గమనించాలి.

పదేళ్లుగా నడుస్తున్న కంపెనీ వేరు, అమ్మకానికి పదిహేను రోజుల ముందు పుట్టి, అమ్మకం అయ్యాక మూతపడిన కంపెనీ వేరు. తేదీలే సగం కథ చెబుతాయి.

షేర్లలో 'బోనస్ స్ట్రిప్పింగ్' అంటారు. అది ఎలా పనిచేస్తుంది?

దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే కృత్రిమ ఏర్పాటు ఎలా ఉంటుందో ఇంత శుభ్రంగా చూపే ఉదాహరణ ఇంకోటి దొరకదు. రెండు విషయాలు తెలిస్తే చాలు. ఒకటి, బోనస్ షేర్లకు కొన్న ధర సున్నా అని చట్టం అంటుంది. అందువల్ల మీరు పెట్టిన డబ్బంతా పాత షేర్ల మీదే నిలుస్తుంది. రెండు, స్వల్పకాల క్యాపిటల్ నష్టాన్ని దీర్ఘకాల లాభంలోంచి కూడా తీసేసుకోవచ్చు.

ఇప్పుడు ఒకాయనకు వేరే కంపెనీ షేర్లు అమ్మితే 50 కోట్ల దీర్ఘకాల లాభం వచ్చిందనుకోండి. 2024 జూలై దాకా అన్‌లిస్టెడ్ షేర్లకున్న 20 శాతం లెక్కన 10 కోట్లు పన్ను, సర్‌చార్జీ, సెస్సు కాక. ఆయన తన గ్రూపులోనే ఉన్న ఒక అన్‌లిస్టెడ్ కంపెనీలో 10 లక్షల షేర్లు, ఒక్కోటి 600 చొప్పున, 60 కోట్లు పెట్టి కొన్నాడు. కొద్ది రోజుల్లో ఆ కంపెనీ ఒక షేరుకు అయిదు బోనస్ ఇచ్చింది. ఇప్పుడు ఆయన దగ్గర 60 లక్షల షేర్లున్నాయి. కంపెనీ ఆస్తి పెరగలేదు కాబట్టి ఒక్కో షేరు విలువ 100కు దిగింది. మొత్తం విలువ అదే 60 కోట్లు.

వారం తిరక్కుండా పాత 10 లక్షల షేర్లను 100 చొప్పున గ్రూపులోని ఇంకో కంపెనీకి అమ్మేశాడు. వచ్చింది 10 కోట్లు, కొన్నది 60 కోట్లకు. కాగితం మీద 50 కోట్ల స్వల్పకాల నష్టం. దాన్ని ఆ 50 కోట్ల లాభంతో సరిపెట్టాడు. పన్ను సున్నా.

ఇప్పుడు ఆయన ఆస్తి చూడండి: చేతిలో 10 కోట్ల నగదు, 50 కోట్ల విలువైన బోనస్ షేర్లు. మొదట పెట్టింది 60, ఇప్పుడున్నది 60. ఒక్క రూపాయి పోగొట్టుకోని మనిషి 50 కోట్లు నష్టపోయానని చెబుతున్నాడు. బోనస్ షేర్లు అమ్మిన రోజు, ధర సున్నా కాబట్టి, మొత్తం మీద పన్ను పడుతుంది కదా అని వాదిస్తారు. ఆ మాట నిజమే. కానీ ఆ రోజు ఎప్పుడు రావాలో ఆయన చేతిలోనే ఉంటుంది.

ఇలాంటిది మన హైకోర్టు ముందుకు వచ్చిందా?

వచ్చింది. 2024 జూన్ 7న తెలంగాణ హైకోర్టు ఇచ్చిన తీర్పు సరిగ్గా ఇలాంటి బోనస్ షేర్ల వ్యవహారం మీదే. అందులో క్లెయిమ్ చేసిన స్వల్పకాల నష్టం సుమారు 462 కోట్లు. షేర్లు కొన్న కంపెనీకి డబ్బు అదే గ్రూపు నుంచి వెళ్లి, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరిందన్నది ఆదాయపు పన్ను శాఖ వాదన. శాఖ ప్రయోగించింది చాప్టర్ 10-ఎ, అంటే పన్ను తప్పించుకునే ఏర్పాట్ల మీద ఉన్న సాధారణ నిబంధన. ఆడిటర్లందరూ 'గార్' అంటారు.

అసెసీ, అంటే ఆ పన్ను చెల్లింపుదారు, చేసిన వాదన తేలికైనది కాదు. స్ట్రిప్పింగ్ కోసమే చట్టంలో సెక్షన్ 94(8) అనే ప్రత్యేక నిబంధన ఉంది, ప్రత్యేకం ఉండగా సాధారణాన్ని ఎలా వాడతారు అన్నాడు. కానీ ఆ ఏడాదికి 94(8) మ్యూచువల్ ఫండ్ యూనిట్లకే వర్తించేది, షేర్లకు కాదు. వర్తించని సెక్షన్ను అడ్డం పెట్టుకుని, వర్తించేదాన్ని ఆపమనడం కుదరదని కోర్టు తేల్చింది. పైగా గార్ అధ్యాయం మొదలయ్యేదే 'ఈ చట్టంలో ఇంకేమున్నా సరే' అనే మాటతో. అసెసీ వేసిన రిట్‌ను కోర్టు కొట్టేసింది.

షేర్ల లొసుగును ఆ తర్వాత పార్లమెంటే మూసేసింది. 2022 ఫైనాన్స్ చట్టంతో 94(8) పరిధిలోకి షేర్లూ వచ్చాయి, 2023-24 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలు. బోనస్ ఎవరికి దక్కాలో తేల్చే రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లోపు కొని, ఆ తేదీ తర్వాత తొమ్మిది నెలల్లోపు పాతవి అమ్మి, బోనస్ షేర్లు అట్టిపెట్టుకుంటే ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. అది బోనస్ షేర్ల కొనుగోలు ధరగా మారుతుంది. మీ ఉద్దేశం ఏదైనా సరే ఇదే ఫలితం, కాబట్టి బోనస్ ప్రకటించిన లిస్టెడ్ షేరును అమాయకంగా కొని అమ్మినవాళ్లూ తేదీలు చూసుకోవాలి.

కానీ 2010లో సుప్రీంకోర్టు ఇలాంటి నష్టాన్నే ఒప్పుకుంది కదా?

వాల్‌ఫోర్ట్ కేసు. ఫండ్ యూనిట్లు కొని, పన్నులేని డివిడెండ్ తీసుకుని, ధర తగ్గాక అమ్మి నష్టం చూపారు. కోర్టు ఒప్పుకుంది. అక్కడ ఫండ్ బయటిది, కొనుగోలూ అమ్మకమూ నిజమైనవి. వివాదంలో ఉన్న కాలానికి అడ్డుకునే సెక్షన్ లేదు, గార్ కూడా లేదు. గార్ వచ్చింది 2017 ఏప్రిల్ 1 నుంచి. ఆ ఒక్క తేదీని మరచిపోయి పాత తీర్పులు చూపించి ధైర్యం చెప్పే సలహాదారులు ఇప్పటికీ కనిపిస్తున్నారు.

గార్ నాలాంటి మామూలు పన్ను చెల్లింపుదారుకు వర్తిస్తుందా?

ఒక ఏర్పాటు వల్ల ఆ సంవత్సరంలో అందరు పక్షాలకూ కలిపి వచ్చిన పన్ను లాభం మూడు కోట్లు దాటకపోతే గార్ రాదు. మూడు కోట్లన్నది పన్ను, ఆదాయం కాదు. పై ఉదాహరణలో 50 కోట్ల నష్టం బదులు 5 కోట్ల నష్టమైతే పన్ను కోటి రూపాయలే, గార్ కిందికి రాదు. అంతమాత్రాన తప్పించుకున్నట్టు కాదు. మెక్‌డొవెల్ సూత్రానికి మూడు కోట్ల గీత లేదు, 94(8) లాంటి ప్రత్యేక సెక్షన్లకూ లేదు.

గీత దాటితే రెండు మెట్లు. ఏర్పాటు ముఖ్య ఉద్దేశం పన్ను లాభమే అయి ఉండాలి. దానితోపాటు నాలుగింటిలో ఒక్కటైనా ఉండాలి: పరాయివాళ్ల మధ్య ఉండని హక్కులో బాధ్యతలో సృష్టించడం, చట్ట నిబంధనల దుర్వినియోగం, వ్యాపార సారం లేకపోవడం, నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు వాడని పద్ధతిలో చేయడం. డబ్బు గుండ్రంగా తిరగడం, ఒక మెట్టులో చేసిన పనిని మరో మెట్టు రద్దు చేయడం అనేవి సారం లేదనడానికి చట్టమే చెప్పిన గుర్తులు.

చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. మొత్తం ఏర్పాటుకు వ్యాపార కారణం ఉన్నా, అందులో ఒక్క మెట్టు ముఖ్యంగా పన్ను కోసమే పెట్టారని తేలితే, మొత్తం పన్ను కోసమేనని భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సింది అసెసీయే.

నోటీసు వస్తే ఏ వరసలో జరుగుతుంది?

అసెసింగ్ ఆఫీసర్ తనంతట తాను గార్ వేయలేడు. ప్రిన్సిపల్ కమిషనర్‌కో కమిషనర్‌కో పంపాలి. ఆయన కారణాలతో నోటీసిస్తారు. జవాబుకు ఇచ్చే గడువు 60 రోజులు మించదు. జవాబు తృప్తి కలిగించకపోతే హైకోర్టు న్యాయమూర్తి, లేదా విశ్రాంత న్యాయమూర్తి, అధ్యక్షుడిగా ఉండే ముగ్గురు సభ్యుల అప్రూవింగ్ ప్యానెల్‌కు వెళ్తుంది. ప్యానెల్ ఆదేశాన్ని ఇరుపక్షాలూ పాటించాలి. దానిపై చట్టంలో అప్పీలు లేదు. ఆ తర్వాత వచ్చే అసెస్‌మెంట్ ఆర్డర్ మీద నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ఆ 60 రోజుల జవాబే కేసుకు ఆయువుపట్టు. అప్పుడు కొత్తగా తయారుచేసిన కారణాలు నిలబడవు. లావాదేవీ జరిగిన నాటి బోర్డు మినిట్స్, వాల్యుయేషన్ రిపోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లలో డబ్బు నడిచిన దారి, పరాయి కొనుగోలుదారుతో బేరసారాల ఉత్తరాలు ఉంటే బలం. మినిట్స్‌లో వ్యాపారం గురించి ఒక్క ముక్కా లేకుండా, ఈమెయిల్లో మాత్రం 'ఇలా చేస్తే ఇంత పన్ను మిగులుతుంది' అన్న పట్టిక ఉంటే, ఆ పట్టికే ప్యానెల్ ముందు మొదటి పేజీ అవుతుంది.

నాన్నకు అద్దె కట్టి హెచ్‌ఆర్‌ఏ తీసుకోవడం, భార్య పేరున డిపాజిట్ వేయడం ఏ కోవలోకి వస్తాయి?

ఇల్లు నాన్నగారి పేరున ఉండి, మీరు నిజంగా అక్కడే ఉంటూ, ప్రతి నెలా బ్యాంకు ద్వారా అద్దె పంపి, ఆయన దాన్ని తన రిటర్నులో చూపిస్తే అది ప్లానింగే. అద్దె కట్టకుండా రసీదు మాత్రం రాయించుకుంటే ఎగవేత. అలా పంపిన అద్దె ప్రతి నెలా అయిదో తారీకున అమ్మ ఖాతా ద్వారా మీకే తిరిగొస్తుంటే దాన్ని అద్దె అనలేం.

భార్యకు డబ్బు గిఫ్టుగా ఇవ్వడం తప్పు కాదు. కానీ దాని మీద వచ్చే వడ్డీ సెక్షన్ 64 కింద మీ ఆదాయంలోనే కలుస్తుంది. ఆమె రిటర్నులో చూపించాం కదా అంటే కుదరదు. ఇక్కడ కోర్టు సిద్ధాంతాలతో పనే లేదు, సెక్షనే సరిపోతుంది.

తప్పుగా క్లెయిమ్ చేశామని ఇప్పుడు తెలిసింది. నోటీసు రాకముందే సరిదిద్దుకోవచ్చా?

అప్‌డేటెడ్ రిటర్న్ వేయొచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన నాటి నుంచి 48 నెలల దాకా గడువుంది. కట్టాల్సిన పన్నూ వడ్డీ మీద అదనంగా, మొదటి 12 నెలల్లో అయితే 25 శాతం, 24 లోపు 50, 36 లోపు 60, 48 లోపు 70 శాతం కట్టాలి. దీన్ని పన్ను పెంచడానికే వాడాలి. రిఫండ్ పెంచుకోవడానికో, నష్టం చూపడానికో పనికిరాదు. ఆ సంవత్సరానికి సోదా జరిగినా, అసెస్‌మెంట్ నడుస్తున్నా ఈ దారి మూసుకుపోతుంది. 25 శాతం 200 శాతం కన్నా చాలా తక్కువ కాబట్టి, దొంగ రసీదు లాంటిది గుర్తొచ్చినప్పుడు మొదటి ఏడాదిలోనే తేల్చుకోవడం లెక్కల ప్రకారం లాభం. నిజమైన లావాదేవీ మీద చట్టం అర్థం గురించే అనుమానమైతే తొందరపడి వేయకండి. ముందు ఆ నాటి కాగితాలన్నీ వరసగా పెట్టి ఒక మంచి ఆడిటర్‌కు చూపించండి.